మాస్క్ లేకపోయినా లాస్ తగ్గుతుంది: అటెన్షన్, ట్రైనింగ్‌పై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఇక్కడున్న వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి బ్యాకెండ్ కోడ్, డేటాబేస్‌లు, ఏపీఐలు రాసి, ఇప్పుడు లాంగ్వేజ్ మోడల్స్ మీద పనిచేసే టీముల ఇంటర్వ్యూలకు తయారవుతున్నారని చెప్పారు. అందుకే ఇవాళ పది విషయాలు తడమను. అటెన్షన్ ఒక్క లెక్క చేత్తో చేద్దాం. దాన్ని ట్రైనింగ్‌కి కలుపుదాం. ఆ రెండూ కలిసే చోట ఒక బగ్ ఉంటుంది, దాన్ని పట్టుకుందాం. ఆ బగ్ అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే అని నా అభిప్రాయం. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు అడిగేది కూడా దాని గురించే.

చరిత్ర ఒక్క ముక్కలో చెప్తాను. 2017లో గూగుల్ పరిశోధకులు ఎనిమిది మంది ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ వేశారు. అటెన్షన్ వాళ్లు కనిపెట్టింది కాదు, అనువాదం చేసే మోడళ్లలో 2014 నుంచే ఉంది. కాకపోతే అప్పట్లో దాని పక్కన రికరెంట్ నెట్‌వర్క్ ఉండేది. అది ఒక మాట చదివి, ఆ ఫలితం పట్టుకుని తర్వాతి మాటకు వెళ్లేది. అంటే లూప్. ముందు ఇటరేషన్ అయితే గానీ తర్వాతిది మొదలవదు. జీపీయూలో వేల కోర్లు ఖాళీగా కూర్చుంటాయి. వీళ్లు ఆ లూప్ తీసిపారేసి, మాటలన్నిటినీ ఒకేసారి మాట్రిక్స్ గుణకారంతో లెక్కగట్టారు. ఈ "ఒకేసారి" అన్నది గుర్తుపెట్టుకోండి, మన బగ్ అక్కడే పుడుతుంది.

ఇప్పుడు ఒక వాక్యం తీసుకుందాం. "సీత నిన్న సంతలో పళ్లు" అని ఆపాను. తర్వాత ఏం రావాలి? "కొంది" అని అందరూ అంటున్నారు. సీత బదులు రవి అంటే "కొన్నాడు" అనేవారు. తెలుగులో క్రియ చివర వస్తుంది, కర్త ఎవరో దాని రూపంలోనే తెలుస్తుంది. కానీ క్రియకు ఆనుకుని ఉన్న మాట "పళ్లు". కర్త వాక్యం మొదట్లో ఉంది. అంటే "పళ్లు" దగ్గర నిలబడి తర్వాతి మాట చెప్పాలంటే, మోడల్ వెనక్కి వెళ్లి సీతను తెచ్చుకోవాలి. ఆ తెచ్చుకోవడమే అటెన్షన్.

మీకు తెలిసిన డిక్షనరీ లుకప్‌తో మొదలుపెడదాం. డిక్షనరీలో కీ సరిగ్గా కలిస్తేనే వాల్యూ వస్తుంది, లేకపోతే ఎర్రర్. అటెన్షన్‌లో కీ ఏదీ సరిగ్గా కలవదు, అన్నీ ఎంతోకొంత కలుస్తాయి. ఎంత కలిసిందో ఆ మేరకు వాల్యూ తీసుకుని అన్నిటినీ కలిపేస్తాం. ప్రతి టోకెన్‌కీ, అంటే మోడల్ చదివే ప్రతి ముక్కకీ, ఒక వెక్టర్ ఉంటుంది. దాన్ని మూడు వేర్వేరు వెయిట్ మాట్రిక్స్‌లతో గుణిస్తే మూడు వెక్టర్లు వస్తాయి: నాకేం కావాలి అని అడిగే క్వెరీ, నా దగ్గర ఫలానాది ఉంది అని చెప్పే కీ, తీసుకెళ్లాల్సిన సరుకైన వాల్యూ. ఆ మూడు మాట్రిక్స్‌లే ట్రైనింగ్‌లో నేర్చుకునేవి.

అంకెలు వేద్దాం. ఒక్కో మాట ఒక్కో టోకెన్ అనుకుందాం, అసలు మోడళ్లలో అలా ఉండదు, ఆ సంగతి తర్వాత. వెక్టర్ పొడవు 4. ఈ అంకెలు నేను లెక్క తేలిగ్గా ఉండాలని ఎంచుకున్నవి.

```
q(పళ్లు)   = [2, 1, 0, 1]

k(సీత)    = [2, 1, 1, 1]   q·k = 6
k(నిన్న)   = [0, 0, 3, 0]   q·k = 0
k(సంతలో)  = [0, 1, 2, 1]   q·k = 2
k(పళ్లు)   = [1, 1, 0, 1]   q·k = 4
```

డాట్ ప్రొడక్ట్ అంటే ఎదురెదురు అంకెల్ని గుణించి కూడడమే. స్కోర్లు 6, 0, 2, 4 వచ్చాయి. వీటిని వెక్టర్ పొడవు వర్గమూలంతో భాగించాలి. 4 వర్గమూలం 2 కాబట్టి 3, 0, 1, 2 అవుతాయి. ఇప్పుడు సాఫ్ట్‌మాక్స్. ఒక్కోదానికి e పవర్ కడితే 20.1, 1, 2.7, 7.4. మొత్తం 31.2. ఆ మొత్తంతో భాగిస్తే సీతకు 0.64, నిన్నకు 0.03, సంతలోకి 0.09, పళ్లుకి 0.24. అన్నీ కలిపితే 1.

వర్గమూలంతో ఎందుకు భాగించాలి? ఇంటర్వ్యూలో ఇది దాదాపు తప్పకుండా వచ్చే ప్రశ్న. భాగించకుండా 6, 0, 2, 4 మీదే సాఫ్ట్‌మాక్స్ చేసి చూడండి. సీతకు 0.64 బదులు 0.86 పైన వస్తుంది, సంతలోకి 0.016 మిగులుతుంది. పొడవు 4 ఉన్నప్పుడే ఇంత తేడా ఉంటే, జీపీటీ-2 లాంటి అసలు మోడళ్లలో పొడవు 64. సగటు సున్నా, వేరియన్స్ 1 ఉన్న యాదృచ్ఛిక అంకెలు 64 జతలు గుణించి కూడితే ఆ మొత్తం వేరియన్స్ 64 అవుతుంది, అంటే స్కోర్లు సున్నాకు అటూ ఇటూ 8 చొప్పున ఊగుతాయి. సాఫ్ట్‌మాక్స్‌కి అలాంటి అంకెలిస్తే ఒకదానికి దాదాపు 1, మిగతా వాటికి దాదాపు 0 ఇచ్చేస్తుంది. అక్కడ వెయిట్లను ఎటు, ఎంత మార్చాలో చెప్పే గ్రేడియెంట్ దాదాపు సున్నా. ట్రైనింగ్ మొదటి రోజే మోడల్ ఎవరి వైపో ఒకరి వైపు గట్టిగా చూస్తూ, అది తప్పని తెలిసినా తిప్పుకోలేని స్థితిలో పడుతుంది. 8తో భాగిస్తే వేరియన్స్ మళ్లీ 1కి వస్తుంది. "స్కేలింగ్ కోసం" అని ఊరుకునే జవాబుకీ, ఈ వేరియన్స్ మాట చెప్పే జవాబుకీ చాలా తేడా ఉంది.

ఇక వాల్యూలు. సీత వాల్యూ [10, 0], పళ్లు వాల్యూ [0, 10], మిగతా రెండూ సున్నాలు అనుకుందాం. 0.64, 0.24 వెయిట్లతో కలిపితే [6.4, 2.4] వస్తుంది. ఇప్పుడు "పళ్లు" దగ్గరున్న వెక్టర్‌లో సీత తాలూకు సమాచారం వచ్చి చేరింది. ఇలాంటి లెక్క ఒకటి చేసే భాగాన్ని హెడ్ అంటారు, ఇదొక హెడ్ పని. జీపీటీ-2 చిన్న మోడల్‌లో లేయర్‌కి 12 హెడ్‌లు, 12 లేయర్లు. ఒక హెడ్ కర్తను వెతికితే ఇంకొకటి పక్క మాటను చూడొచ్చు. అయితే ఫలానా హెడ్ ఫలానా పనే చేస్తుంది అని ఎవరూ కేటాయించరు. నేను చూపించినంత శుభ్రంగా అసలు మోడళ్లలో కనబడదు కూడా.

ఒక సందేహం రావాలి మీకు. ఈ లెక్కలో మాటల వరస ఎక్కడుంది? ఎక్కడా లేదు. టోకెన్లను తారుమారు చేసినా అవే స్కోర్లు వస్తాయి. అందుకే టోకెన్ ఎన్నో స్థానంలో ఉందో చెప్పే సమాచారం విడిగా కలపాలి. జీపీటీ-2లో 1024 స్థానాలకు 1024 వెక్టర్లు నేర్చుకుంటారు. ఇప్పటి మోడళ్లలో చాలావాటిలో క్వెరీని, కీని స్థానాన్ని బట్టి తిప్పే పద్ధతి వాడతారు. ఇంతవరకు తెలిస్తే చాలు.

ట్రైనింగ్‌కి వద్దాం. దీనికి ఎవరూ కూర్చుని లేబుళ్లు రాయరు, పాఠమే లేబుల్. ఇన్‌పుట్‌ను ఒక స్థానం జరిపితే జవాబులు వస్తాయి.

```python
x = tokens[:, :-1]   # సీత నిన్న సంతలో పళ్లు
y = tokens[:, 1:]    # నిన్న సంతలో పళ్లు కొంది
```

సీత చూసి నిన్న చెప్పాలి. సీత, నిన్న చూసి సంతలో చెప్పాలి. చివర పళ్లు దగ్గర కొంది చెప్పాలి. నాలుగు టోకెన్లున్న ఒక్క ఇన్‌పుట్‌లో నాలుగు ప్రశ్నలు. 1024 టోకెన్లుంటే 1024 ప్రశ్నలు, అన్నీ ఒకే ఫార్వర్డ్ పాస్‌లో. లూప్ తీసేసినందుకు దక్కిన లాభం ఇదే.

ప్రతి స్థానంలో మోడల్ మొత్తం వొకాబులరీకి సంభావ్యతలు ఇస్తుంది. జీపీటీ-2లో అది 50,257 టోకెన్లు. సరైన టోకెన్‌కి ఎంత ఇచ్చిందో చూసి, దాని లాగరిథమ్‌కి మైనస్ పెడితే అదే ఆ స్థానంలో లాస్. "కొంది"కి 0.1 ఇస్తే లాస్ 2.3. 0.9 ఇస్తే 0.1. మోడల్ ప్రస్తుతానికి కొందికి 0.1, కొన్నాడుకి 0.3 ఇచ్చిందనుకోండి. సాఫ్ట్‌మాక్స్‌కి ముందున్న స్కోర్ల మీద గ్రేడియెంట్ తీస్తే లెక్క ముచ్చటగా ఉంటుంది: ఇచ్చిన సంభావ్యతలోంచి అసలు జవాబు తీసేయడమే. కొందికి 0.1 - 1, అంటే -0.9. కొన్నాడుకి +0.3. మొదటిదాన్ని పెంచు, రెండోదాన్ని తగ్గించు అని అర్థం. ఆ సందేశం వెనక్కి ప్రయాణించి మన క్వెరీ, కీ మాట్రిక్స్‌ల దాకా వస్తుంది. సీత వైపు ఇంకొంచెం ఎక్కువ చూసి ఉంటే లాస్ తగ్గేది కాబట్టి, ఆ రెండు వెక్టర్ల డాట్ ప్రొడక్ట్ పెరిగేలా వెయిట్లు రవ్వంత కదులుతాయి. కర్త, క్రియ అనే మాటలు మోడల్‌కి ఎవరూ చెప్పలేదు. కోట్ల వాక్యాల్లో "కొన్నాడు" అని తప్పు చెప్పి చెప్పి, కర్త వైపు చూడటం లాభమని వెయిట్లలో స్థిరపడుతుంది.

సరే, ఇప్పుడు బగ్. అన్ని ప్రశ్నలూ ఒకేసారి అడుగుతున్నాం అన్నాను. మరి "సంతలో" దగ్గర నిలబడ్డ క్వెరీ "పళ్లు" కీతో కూడా డాట్ ప్రొడక్ట్ చేయగలదు కదా? కానీ సంతలో తర్వాత ఏముందో చెప్పమనే కదా మనం అడిగింది. ప్రశ్నపత్రం వెనక పేజీలోనే జవాబులు అచ్చేసి పరీక్ష పెట్టినట్టు. దీన్ని ఆపేది కాజల్ మాస్క్. నటి కాదండీ, కారణం అనే అర్థంలో కాజల్. (నవ్వులు)

```python
s = q @ k.transpose(-2, -1) / math.sqrt(d_k)
mask = torch.tril(torch.ones(T, T, device=s.device))
s = s.masked_fill(mask == 0, float("-inf"))
out = s.softmax(dim=-1) @ v
```

తర్వాత వచ్చే టోకెన్ల స్కోర్లను మైనస్ ఇన్ఫినిటీ చేస్తాం. సాఫ్ట్‌మాక్స్‌లో అవి సరిగ్గా సున్నా అవుతాయి. మొదటి స్థానంలో "సీత" తనను తాను మాత్రమే చూస్తుంది, వెయిట్ 1. "నిన్న" రెండింటిని చూస్తుంది. మాస్క్ సాఫ్ట్‌మాక్స్‌కి ముందే పడాలి. కొందరు సాఫ్ట్‌మాక్స్ అయ్యాక సున్నాలు పెడతారు. అప్పుడు వెయిట్ల మొత్తం 1 ఉండదు, పైగా భాగించిన మొత్తంలో భవిష్యత్తు టోకెన్ల స్కోర్లు అప్పటికే కలిసిపోయి ఉంటాయి. దొంగచాటుగా కొంత లీక్ మిగిలే ఉంటుంది.

మాస్క్ లైను మర్చిపోయారనుకోండి. ఏమవుతుంది? ఎర్రర్ రాదు. మాట్రిక్స్‌ల సైజులన్నీ సరిపోతాయి. మనం సాఫ్ట్‌వేర్ మనుషులం, ఏదైనా తప్పుంటే ఎక్కడో ఎక్సెప్షన్ పడుతుందని అలవాటు. ఇక్కడ పడదు సరికదా, లాస్ మామూలుకంటే అందంగా తగ్గుతుంది.

మామూలుగా చేసే తనిఖీలు ఏవేవో చూద్దాం. మొదటిది, ట్రైనింగ్ మొదలవ్వకముందు లాస్ ఎంతుందో చూడటం. ఏమీ తెలియని మోడల్ 50,257 టోకెన్లకీ సమానంగా పంచుతుంది కాబట్టి లాస్ 10.8 దగ్గర ఉండాలి. 30 వచ్చిందంటే మొదటి వెయిట్లు పాడు. మంచి తనిఖీయే. కానీ మాస్క్ లేకపోయినా 10.8 వస్తుంది. రెండోది, ఒకే ఒక్క బ్యాచ్‌ను పదేపదే ఇచ్చి లాస్ సున్నా దగ్గరికి వస్తోందా అని చూడటం. మాస్క్ లేకపోతే ఇంకా త్వరగా వస్తుంది. మూడోది వాలిడేషన్ లాస్. ఇక్కడ చాలామంది ధైర్యంగా చెప్తారు, ట్రైనింగ్‌లో చూడని డేటా మీద కూడా లాస్ బాగుంది కాబట్టి మోడల్ బాగుంది అని. వాలిడేషన్‌లో కూడా అదే మాస్క్ లేని కోడ్ నడుస్తోంది కదా! అక్కడా జవాబు పక్కనే ఉంది. చూసిన డేటాను బట్టీపట్టే ఓవర్‌ఫిట్టింగ్ కాదిది. పక్క టోకెన్‌ను కాపీ కొట్టడం అనే పనిని మోడల్ నిజంగానే నేర్చుకుంది, ఆ పని కొత్త డేటా మీద కూడా చక్కగా చేస్తుంది.

బయటపడేది జనరేట్ చేసినప్పుడు. అప్పుడు తర్వాతి టోకెన్ ఇంకా పుట్టలేదు, కాపీ కొట్టడానికేం లేదు. చెత్త వస్తుంది. గ్రాఫ్ చూస్తే అద్భుతం, వాక్యం చూస్తే అయోమయం. ఈ రెండూ కలిసి కనబడితే ముందు మాస్క్, తర్వాత ఆ ఒక స్థానం జరపడం చూడండి. కొన్ని లైబ్రరీల్లో లాస్ లెక్కించేటప్పుడు మోడలే లోపల లేబుళ్లను జరుపుతుంది. మీరు బయట కూడా జరిపితే ఒక టోకెన్ వదిలేసి ఆ తర్వాతది చెప్పడం నేర్చుకుంటుంది. అసలు ఎవరూ జరపకపోతే ఉన్న టోకెన్‌నే తిరిగి చెప్పడం నేర్చుకుంటుంది. అప్పుడు జనరేషన్‌లో ఒకే మాట వరసగా వస్తూ ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక.

లాస్ అంకెను చూసి కూడా అనుమానించొచ్చు. జీపీటీ-2 చిన్న మోడల్ స్థాయిదాని లాస్ మామూలు ఇంగ్లీష్ వెబ్ పాఠం మీద 3 దగ్గర తచ్చాడుతుంది. అంటే సగటున 20 టోకెన్ల మధ్య తేల్చుకోలేక ఉన్నట్టు. మీ చిన్న మోడల్ కాసేపటికే 0.5కి దిగితే స్వీట్లు పంచకండి.

అయితే మనవాళ్లకు యూనిట్ టెస్ట్ అలవాటు ఉంది కదా, అది ఇక్కడ పనికొస్తుంది. చివరి టోకెన్ మార్చండి. దానికి ముందున్న స్థానాల అవుట్‌పుట్ మారకూడదు.

```python
model.eval()
a = model(x)
x2 = x.clone()
x2[:, -1] = (x[:, -1] + 1) % vocab_size
b = model(x2)
print((a[:, :-1] - b[:, :-1]).abs().max())
```

సున్నా గానీ, దశాంశం తర్వాత అయిదారు సున్నాలున్న అంకె గానీ వస్తే సరే. అంతకన్నా పెద్దదైతే భవిష్యత్తు ఎక్కడో లీక్ అవుతోంది. `eval()` ఎందుకంటే, ట్రైనింగ్‌లో కొన్ని అంకెల్ని యాదృచ్ఛికంగా సున్నా చేసే డ్రాపౌట్ ఆన్‌లో ఉంటే రెండు రన్‌లూ ఎలాగూ వేరుగా వస్తాయి. ఈ టెస్ట్‌కి ట్రైనింగ్ అక్కర్లేదు, వెయిట్లు యాదృచ్ఛికంగా ఉన్నా పనిచేస్తుంది, ల్యాప్‌టాప్‌లో సెకన్లలో అయిపోతుంది. జీపీయూ అద్దెకు తీసుకునే ముందే చేసుకోవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

శ్రోత: సార్, మనం వాడే చాట్ మోడళ్లు ప్రశ్నకు జవాబు చెప్తాయి కదా. తర్వాతి మాట చెప్పడం నేర్చుకున్నది జవాబు చెప్పడం ఎలా నేర్చుకుంటుంది?

ఇంతవరకు చెప్పింది ప్రీట్రైనింగ్ అండీ. అది అయ్యాక మోడల్‌కి "భారతదేశ రాజధాని ఏది?" అని ఇస్తే, దాని కింద ఇంకో క్విజ్ ప్రశ్న రాసినా రాస్తుంది, ఎందుకంటే వెబ్‌లో అలాంటి పేజీలున్నాయి. అందుకని మనుషులు రాసిన ప్రశ్న-జవాబు జతలతో మళ్లీ ట్రైన్ చేస్తారు. లాస్ అదే ఫార్ములా. మామూలుగా ఒక్కటే తేడా చేస్తారు: ప్రశ్న భాగంలోని టోకెన్లకు లాస్ లెక్కించరు. పైటార్చ్‌లో ఆ లేబుళ్ల స్థానంలో `-100` పెడితే క్రాస్ ఎంట్రోపీ వాటిని వదిలేస్తుంది. గమనించండి, ఇది వేరే మాస్క్. అటెన్షన్ మాస్క్ ఎవరు ఎవర్ని చూడొచ్చో చెప్తుంది, ఇది ఎక్కడ మార్కులు వేయాలో చెప్తుంది. ఇంటర్వ్యూలో ఈ రెండింటినీ కలిపేసేవాళ్లు ఎక్కువ. ఆ తర్వాత రెండు జవాబుల్లో ఏది మెరుగో మనుషుల చేత చెప్పించి దాని ఆధారంగా సరిదిద్దే దశ ఉంటుంది, అది విడిగా గంట ప్రసంగం.

శ్రోత: జనరేట్ చేసేటప్పుడు ప్రతి టోకెన్‌కీ మొత్తం లెక్క మళ్లీ మొదట్నుంచి చేయాలా అండీ?

అక్కర్లేదు, అదీ మాస్క్ పుణ్యమే. పాత టోకెన్లు కొత్తదాన్ని చూడలేవు కాబట్టి వాటి కీలు, వాల్యూలు ఇక మారవు. ఒకసారి లెక్కగట్టి దాచుకోవచ్చు. దాన్నే కేవీ క్యాష్ అంటారు. కొత్త టోకెన్‌కి మాత్రమే క్వెరీ, కీ, వాల్యూ లెక్కగట్టి, ఆ క్వెరీని దాచిన కీలన్నిటితో, తన కీతో పోల్చాలి. దానికి ఖర్చు మెమరీలో కనబడుతుంది. జీపీటీ-2 చిన్న మోడల్‌లో 12 లేయర్లు, ఒక్కోదాంట్లో 768 అంకెల కీ, 768 అంకెల వాల్యూ, అంకెకు 2 బైట్లు. టోకెన్‌కి 36 కేబీ. 1024 టోకెన్లకు 36 ఎంబీ. చిన్నదే అనిపిస్తుంది, కానీ ఒక్క యూజర్‌కి అది. మోడల్ పెద్దదై, కాంటెక్స్ట్ లక్ష టోకెన్లై, వందమంది ఒకేసారి వస్తే సర్వర్‌లో ముందు నిండేది ఇదే. బ్యాకెండ్ నుంచి వచ్చినవాళ్లకు నచ్చే సమస్య.

శ్రోత: తెలుగులో కూడా ఇదే లాస్ చూసి మోడల్ బాగుందో లేదో చెప్పొచ్చా మేస్టారూ?

జాగ్రత్తగా చూడాలి. మొదట్లో ఒక మాట ఒక టోకెన్ అనుకుందాం అన్నాను, అది ఇక్కడ తేడా కొడుతుంది. జీపీటీ-2 టోకెనైజర్ బైట్ల మీద పనిచేస్తుంది. 256 బైట్లతో మొదలై, ఎక్కువగా ఇంగ్లీష్ పాఠంలో తరచూ పక్కపక్కనే వచ్చేవాటిని 50,000 సార్లు కలుపుతూ పోయింది. "తెలుగు" అన్న మాటలో యూనికోడ్ ప్రకారం ఆరు గుర్తులు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. తెలుగు గుర్తు ఏదైనా సరే మొదటి బైట్ `E0`, రెండోది `B0` లేదా `B1`. తెలుగు బైట్లుగా విడిపోయిన చోట ఆ మొదటి బైట్‌ను ఊహించడం ఏ మోడల్‌కైనా చిటికెలో పని, రెండోదీ పెద్ద కష్టం కాదు. వాటి మీద లాస్ బాగా తక్కువగా ఉంటుంది. సగటు తీస్తే మొత్తం అంకె తక్కువగా కనబడుతుంది, తెలుగు ఇంగ్లీష్‌కన్నా బాగా వచ్చేసిందేమో అనిపిస్తుంది. నిజానికి భాష ఏమీ రాకపోవచ్చు. కొత్త టోకెనైజర్‌తో, అంటే తెలుగు ముక్కలు పెద్దవిగా ఉన్నదానితో ట్రైన్ చేస్తే టోకెన్‌కి లాస్ పెరుగుతుంది, మోడల్ మాత్రం మెరుగవుతుంది. అందుకే రెండు వేర్వేరు టోకెనైజర్ల మోడళ్లను పోల్చేటప్పుడు టోకెన్‌కి సగటు తీయకండి. ఒకే పాఠం రెండింటికీ ఇచ్చి, మొత్తం లాస్ కూడి, ఆ పాఠంలో ఎన్ని బైట్లున్నాయో వాటితో భాగించండి. పాఠం ఒకటే కాబట్టి భాగించే అంకె ఇద్దరికీ ఒకటే, అప్పుడు పోలిక సరిగ్గా కుదురుతుంది.